కొబ్బరి చిప్పల బొగ్గుతో నీటి ఫిల్టర్: వాసన తేలిగ్గా పోతుంది, రంగు ఎందుకు మొండికేస్తుంది?

కొబ్బరి చిప్పల బొగ్గుతో చేసిన ఫిల్టర్‌లో క్లోరిన్ వాసన కొట్టే నీళ్లు పోస్తే అవతల వాసన లేని నీళ్లు వస్తాయి. అదే ఫిల్టర్‌లో పలచటి టీ నీళ్లు పోయండి. రంగు కాస్త తగ్గుతుంది గానీ పోదు. చాలామంది ఇక్కడే తమ బొగ్గు సరిగ్గా కుదరలేదని అనుకుంటారు. కుదిరిన బొగ్గు కూడా అలాగే చేస్తుంది. వాసన తీయడం, రంగు తీయడం దానికి రెండు వేరు వేరు పనులు. అందుకే ఇక్కడ ఫిల్టర్ కట్టడంతో పాటు, మీరు చేసిన బొగ్గు ఈ రెండు పనుల్లో ఏది ఎంత చేస్తోందో ఇంట్లోనే కొలిచే పద్ధతి కూడా వివరంగా రాస్తున్నాను. నిజానికి ఫిల్టర్ కట్టడం కంటే ఆ కొలతే కష్టం.

తేడా ఎక్కడుంది

బొగ్గు జల్లెడలాగా పనిచేయదు. దాని లోపల కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నీళ్లలో కరిగిన పదార్థాల అణువులు ఆ రంధ్రాల గోడలకు అతుక్కుపోతాయి. మామూలు బొగ్గులో ఈ రంధ్రాలు చాలావరకు తారుతో మూసుకుపోయి ఉంటాయి. వాటిని తెరిచి, ఇంకా లోపలికి తొలిచే ప్రక్రియనే యాక్టివేషన్ అంటారు. ఫ్యాక్టరీలో తయారైన మంచి కొబ్బరి చిప్పల యాక్టివేటెడ్ కార్బన్‌లో ఒక్క గ్రాముకు లోపలి ఉపరితలం దాదాపు 1000 చదరపు మీటర్లు ఉంటుంది.

కొబ్బరి చిప్ప గట్టిగా, దట్టంగా ఉంటుంది కాబట్టి దాని బొగ్గులో రంధ్రాలు ఎక్కువగా 2 నానోమీటర్ల లోపే ఉంటాయి. చిన్న అణువులకు ఇది సరిగ్గా సరిపోతుంది. నీళ్లకు మట్టివాసన తెచ్చే జియోస్మిన్ అణుభారం 182. మిథిలీన్ బ్లూ అనే నీలిరంగుది దాదాపు 320. ఇవి రెండూ లోపలికి వెళ్లగలవు, నీలిరంగు కాస్త ఇబ్బంది పడుతూ వెళ్తుంది. టీ రంగునిచ్చే పదార్థాల్లోనూ, కుళ్లిన ఆకుల వల్ల నీళ్లకు పట్టే గోధుమరంగులోనూ పెద్ద అణువులే ఎక్కువ. వాటిలో చాలావాటికి ఆ రంధ్రాల్లో చోటు దొరకదు, రేణువు పైపైనే ఆగిపోతాయి. రంగు తీయడానికి పరిశ్రమల్లో కర్రతో చేసిన, పెద్ద రంధ్రాలున్న కార్బన్ వాడటానికి కారణం ఇదే.

క్లోరిన్ సంగతి వేరు. అది అతుక్కుని ఊరుకోదు, బొగ్గు ఉపరితలంతో చర్య జరిపి క్లోరైడ్‌గా మారిపోతుంది. ఈ చర్య ఎంత త్వరగా జరుగుతుందంటే యాక్టివేట్ చేయని బొగ్గు కూడా కొంత క్లోరిన్ తీసేస్తుంది. కాబట్టి క్లోరిన్ వాసన పోయినంత మాత్రాన యాక్టివేషన్ బాగా జరిగిందని అనుకోవద్దు.

చిప్పల నుంచి బొగ్గు

చివర్లో కట్టబోయే చిన్న ఫిల్టర్‌కు సుమారు 220 గ్రాముల తయారైన బొగ్గు కావాలి. ఎండిన చిప్ప బరువులో పావు వంతు నుంచి 30 శాతం దాకా బొగ్గుగా మిగులుతుంది. దంచి జల్లించేటప్పుడు కొంత, యాక్టివేషన్‌లో మరికొంత పోతుంది. అన్నీ లెక్కేసుకుంటే రెండున్నర కిలోల చిప్పలతో మొదలుపెట్టాలి. పీచు మొత్తం గీకేసి, లోపల కొబ్బరి అంటుకుని ఉంటే అది కూడా తీసేసి, చిప్పల్ని బాగా ఎండబెట్టండి. పీచు కాలితే బూడిద ఎక్కువ వస్తుంది. ఆ బూడిద తర్వాత రంగు పరీక్షను ఎలా చెడగొడుతుందో ముందు ముందు చూస్తారు.

మూత బిగుతుగా పట్టే ఇనుప డబ్బా తీసుకుని, మూతలో రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి చేయండి. చిప్పల్ని ముక్కలు చేసి డబ్బా నిండా పేర్చి, మూతపెట్టి, ఆరుబయట మంటలో ఉంచండి. మొదట తెల్లటి ఆవిరి, ఆ తర్వాత పసుపు రంగు చిక్కటి పొగ వస్తాయి. కాసేపటికి ఆ పొగే రంధ్రం దగ్గర అంటుకుని మండుతుంది. మంట ఆగిపోయి, రంధ్రంలోంచి ఇంకేమీ రాకపోతే పని అయినట్టే. అయినా మరో అరగంట మంటలోనే ఉంచండి. ఆ తర్వాత రంధ్రాన్ని తడిమట్టితో మూసి డబ్బా పూర్తిగా చల్లారేదాకా వదిలేయండి. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే గాలి తగిలి బొగ్గంతా అంటుకుంటుంది.

బాగా కాలిన చిప్పబొగ్గును రాతిమీద వేస్తే లోహం మోగినట్టు మోగుతుంది, విరిచిన చోట నల్లగా మెరుస్తుంది. సరిగ్గా కాలకపోతే విరిచిన చోట గోధుమరంగు కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే కాస్త పొడిని బట్టల సోడా కలిపిన నీళ్లలో మరిగించి, తేరనివ్వండి. పైన తేరిన నీళ్లు పసుపుగానో గోధుమరంగుగానో మారితే లోపల తారు మిగిలి ఉందని అర్థం. అలాంటి బొగ్గు రంగూ వాసనా తీయకపోగా, పొగవాసనను నీళ్లకు తానే ఇస్తుంది. దాన్ని డబ్బాలో పెట్టి మళ్లీ కాల్చండి.

ఇప్పుడు బొగ్గును దంచి, సుమారు అర మిల్లీమీటరుకూ ఒకటిన్నర మిల్లీమీటర్లకూ మధ్య ఉండే రేణువుల్ని జల్లెడ పట్టండి. పైన మిగిలిన పెద్ద ముక్కల్ని మళ్లీ దంచవచ్చు. కిందికి రాలిన పొడి ఫిల్టర్‌కు పనికిరాదు. రేణువులు 400 గ్రాములు వచ్చాక, వాటికి అదనంగా ఒక పిడికెడు పక్కన పెట్టుకోండి. యాక్టివేట్ చేయని ఈ బొగ్గే తర్వాత పోలికకు ఆధారం.

ఆవిరితో యాక్టివేషన్

కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోనో నిమ్మరసంలోనో బొగ్గును ఒక రోజు నానబెడితే యాక్టివేట్ అయిపోతుందని చాలాచోట్ల రాస్తారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. జింక్ క్లోరైడ్, ఫాస్ఫారిక్ ఆమ్లం లాంటి రసాయనాలు పచ్చి చిప్పలో పట్టించి కాల్చినప్పుడు రంధ్రాల్ని పెంచుతాయి. అప్పటికే బొగ్గైపోయిన దాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగితే బూడిద కొంత పోతుంది, అంతకుమించి ఏమీ జరగదు. రంధ్రాలు తొలవాలంటే బొగ్గు ఎర్రగా కాలుతున్నప్పుడు నీటి ఆవిరి దానికి తగలాలి. అప్పుడు జరిగే చర్య ఇది:

```
C + H2O → CO + H2
```

అంటే ఆవిరి బొగ్గును కొంచెం కొంచెంగా తినేస్తూ పోతుంది, అది తిన్న చోట రంధ్రం మిగులుతుంది. ఈ చర్య చెప్పుకోదగ్గ వేగంతో సాగాలంటే 800 డిగ్రీల పైన వేడి కావాలి. బొగ్గును తడిపి డబ్బాలో పెట్టి కాల్చితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు, ఎందుకంటే డబ్బా ఎర్రబడేలోపే ఆ తడంతా ఆవిరైపోతుంది. ఆవిరిని బయటి నుంచి పంపుతూనే ఉండాలి.

పైన రాసిన చర్యలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మనిషిని చంపగలదు. హైడ్రోజన్ మండుతుంది. కాబట్టి ఈ పని పూర్తిగా ఆరుబయట, గాలి వీచే దిక్కుకు వీపు పెట్టి నిలబడి చేయాలి. షెడ్డులో కూడా వద్దు. బొగ్గు నింపి ఆవిరి పంపే పైపు రెండో చివర ఎప్పుడూ తెరిచే ఉండాలి, ఆవిరి ఎక్కడా బిగబట్టకూడదు. కొలిమి అలవాటు ఉన్నవాళ్లు పక్కన లేకపోతే ఈ దశ మానేసి, కొన్న యాక్టివేటెడ్ కార్బన్‌తో మిగతా పనంతా చేసుకోవచ్చు.

దాదాపు 5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, 60 సెంటీమీటర్ల పొడవున్న మందపాటి స్టీలు పైపు తీసుకోండి. జింకు పూత ఉన్న పైపు వద్దే వద్దు, ఆ వేడికి జింకు పొగ వస్తుంది. పైపు మధ్యలో 20 సెంటీమీటర్ల మేర రేణువులు పోసి, రెండు వైపులా స్టీలు జాలీతో అడ్డు పెట్టండి. అంత మేర దాదాపు 200 గ్రాములు పడతాయి. పోసే ముందు రేణువుల్ని బాగా ఆరబెట్టి తూకం రాసి పెట్టుకోండి, ఇది చాలా ముఖ్యం. పైపు మధ్యభాగం బొగ్గుల కొలిమిలో ఉండేలా కాస్త వాలుగా పెట్టి, ఒక చివరకు చిన్న కెటిల్ నుంచి వచ్చే లోహపు గొట్టాన్ని వదులుగా దూర్చండి. పైపు మధ్యభాగం ముదురు ఎరుపు దాటి చెర్రీ ఎరుపు, ఆ తర్వాత నారింజ ఛాయకు వచ్చినప్పుడే ఆవిరి మొదలుపెట్టాలి.

ఎంత ఆవిరి కావాలో లెక్కేయవచ్చు. 200 గ్రాముల్లో 70 గ్రాములు తినిపించాలనుకుందాం. 12 గ్రాముల కార్బన్‌కు 18 గ్రాముల నీళ్లు పడతాయి కాబట్టి 70 గ్రాములకు 105 గ్రాముల నీళ్లు. కానీ ఎక్కువ ఆవిరి చర్యలో పాల్గొనకుండానే బయటికి వెళ్లిపోతుంది. అందుకే దానికి మూడు నాలుగింతలు, అంటే 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు రెండు గంటల్లో అయిపోయేలా కెటిల్‌ను సన్నగా మరిగించండి. ఎక్కువ ఆవిరి పంపితే పైపు చల్లబడి చర్య ఆగిపోతుంది.

రెండు గంటల తర్వాత ఆవిరి ఆపి, పైపును కొలిమిలోంచి తీసి, గాలి దూరకుండా రెండు చివర్లా తడిమట్టి పెట్టి చల్లారనివ్వండి. ఇప్పుడు మళ్లీ తూచండి. 200 గ్రాములు 130కి తగ్గితే 35 శాతం తరిగినట్టు. ఫ్యాక్టరీ కార్బన్‌లో కూడా ఈ తరుగు దాదాపు మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. తరుగు 10 శాతం లోపే ఉంటే వేడి చాలలేదు, మళ్లీ చేయాలి. తరుగు బాగా ఉండి, రేణువుల మీద తెల్లటి బూడిద కూడా కనిపిస్తే అది ఆవిరి పని కాదు, గాలి దూరి బొగ్గు పైపైన కాలిపోయింది. తూకం ఒక్కటే చూసుకుని మురిసిపోయేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

ఇలా రెండు దఫాలు చేస్తే 260 గ్రాములు చేతికొస్తాయి.

కడగడం

రేణువుల్ని నీళ్లలో వేస్తే బుస్సుమని బుడగలు వస్తాయి, రంధ్రాల్లోని గాలి బయటికి పోతుందన్నమాట. నల్లనీళ్లు తేటగా మారేదాకా కడిగి, పలచటి వెనిగర్‌లో ఒక గంట ఉంచి, మళ్లీ మంచినీళ్లతో చాలాసార్లు కడగండి. వెనిగర్ బూడిదలోని క్షారాన్ని తీసేస్తుంది. చివరి కడుగు నీళ్లను పీహెచ్ కాగితంతో చూస్తే మామూలు నీళ్లకు వచ్చినంతే రావాలి. పక్కన పెట్టుకున్న మామూలు బొగ్గును కూడా అచ్చం ఇలాగే కడగాలి, లేకపోతే మీరు పోల్చేది యాక్టివేషన్‌ను కాదు, శుభ్రతను.

రంగు పరీక్ష

నిండా బొగ్గున్న ఫిల్టర్‌లో రెండు గ్లాసుల రంగునీళ్లు పోసి చూడటం పరీక్ష కాదు. అంత బొగ్గు ముందు అంత రంగు లెక్కలోకి రాదు, మంచి బొగ్గూ నాసిరకం బొగ్గూ రెండూ పాసైపోతాయి. తేడా తెలియాలంటే బొగ్గు తక్కువ, రంగు ఎక్కువ ఉండాలి. అందుకే పరీక్షలు ఫిల్టర్‌లో కాకుండా గాజు సీసాల్లో చేద్దాం.

1 శాతం మిథిలీన్ బ్లూ ద్రావణం అక్వేరియం సామాన్లలో దొరుకుతుంది. అందులో 10 మిల్లీలీటర్లు తీసుకుని మొత్తం లీటరు అయ్యేలా నీళ్లు కలిపితే లీటరుకు 100 మిల్లీగ్రాముల రంగు ఉన్నట్టు. దీన్ని 250 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గాజు సీసాల్లో పోయండి. మొదటి దాంట్లో ఏమీ వేయకండి. రెండో దాంట్లో మామూలు బొగ్గు, మూడో దాంట్లో మీ యాక్టివేటెడ్ బొగ్గు, నాలుగో దాంట్లో కొన్న కొబ్బరి కార్బన్, ఒక్కోటి అర గ్రాము. మూడింటినీ ఒకేలా మెత్తగా పొడిచేసి, ఆరబెట్టి తూచాలి. అర గ్రాము తూచాలంటే 0.01 గ్రాము చూపించే బంగారం తూచే తక్కెడ ఉండాలి, వంటింటి తక్కెడ చాలదు. మూతలు బిగించి గంటసేపు అప్పుడప్పుడు ఊపి, రాత్రంతా కదలకుండా వదిలేయండి.

పొద్దున పైన తేరిన నీళ్లను డ్రాపర్‌తో నెమ్మదిగా తీయండి. తొందరపడి ఫిల్టర్ పేపర్‌తో వడకడితే ఫలితం చెడుతుంది, ఎందుకంటే మిథిలీన్ బ్లూ కాగితానికి కూడా గట్టిగా పడుతుంది. అప్పుడు బొగ్గు తీయని రంగును కాగితం తీసేస్తే, ఆ ఘనత బొగ్గుకు దక్కుతుంది. కొన్ని ప్లాస్టిక్‌లకూ ఈ గుణం ఉంది, గాజు సీసాలు చెప్పింది అందుకే.

కొలవడానికి పోలిక గ్లాసులు చేసుకోవాలి. మొదటి సీసాలోని నీళ్లనే సగానికి, పావుకు, ఎనిమిదో వంతుకు, పదహారో వంతుకు, ముప్పై రెండో వంతుకు పలచన చేసి ఒకే రకం గాజు గొట్టాల్లో పోయండి. అసలు రంగు మరీ ముదురుగా ఉండి తేడా కనపడకపోతే అన్నింటినీ, నమూనాలతో సహా, పదింతలు పలచన చేసి చూడండి. తెల్లకాగితం మీద నిలబెట్టి పైనుంచి చూస్తే కన్ను బాగా పోల్చగలదు.

లెక్క ఇలా వేస్తారు. యాక్టివేటెడ్ బొగ్గు సీసా పదహారో వంతు గొట్టంతో సరిపోయిందనుకుందాం. అంటే లీటరుకు 6.25 మిల్లీగ్రాములు మిగిలాయి, 93.75 పోయాయి. సీసాలో ఉన్నది పావు లీటరు కాబట్టి పోయిన రంగు 23.4 మిల్లీగ్రాములు. దాన్ని అర గ్రాము బొగ్గు పట్టుకుంది, అంటే గ్రాముకు దాదాపు 47 మిల్లీగ్రాములు. మామూలు బొగ్గు సీసా అసలు రంగుకూ సగానికీ మధ్యలో, ముప్పావు దగ్గర ఉంటే పోయింది పావు వంతే, గ్రాముకు 12.5 మిల్లీగ్రాములు. ఈ సంఖ్యలు లెక్క చూపించడానికి వేసుకున్నవి, మీకు వచ్చేవి వేరుగా ఉంటాయి.

ఇదే పరీక్షను టీతో మళ్లీ చేయండి. ఒక టీ బ్యాగు లీటరు వేడినీళ్లలో వేసి, చల్లార్చి, బట్టలో వడకట్టి వాడితే చాలు. ఇక్కడ ఒక చిక్కుంది. టీ రంగు పీహెచ్‌ను బట్టి మారుతుంది. క్షారం తగిలితే ముదురుతుంది, ఆమ్లం తగిలితే పలచబడుతుంది. బూడిద సరిగ్గా కడగని బొగ్గు వేస్తే టీ నీళ్లు ముందుకంటే ముదురు రంగుకు మారవచ్చు. వెనిగర్ మిగిలిపోయిన బొగ్గు వేస్తే, బొగ్గు ఏమీ చేయకపోయినా రంగు తగ్గినట్టు కనిపిస్తుంది. కాబట్టి పోల్చే ముందు అన్ని సీసాల పీహెచ్ కాగితంతో చూసి, తేడా ఉంటే ఆ ఫలితాన్ని పక్కన పెట్టి బొగ్గును మళ్లీ కడగండి.

పొటాషియం పర్మాంగనేట్ గులాబీ రంగును, అయోడిన్ గోధుమరంగును బొగ్గు మాయం చేసే వీడియోలు చాలా ఉన్నాయి. పర్మాంగనేట్ బొగ్గుతో రసాయన చర్య జరిపి రంగు కోల్పోతుంది, అతుక్కుని కాదు. అయోడిన్ నిజంగానే అతుక్కుంటుంది, కార్బన్ నాణ్యత చెప్పడానికి పరిశ్రమలో దాన్నే వాడతారు కూడా. కానీ అది చిన్న అణువు. అది పోయిందంటే టీ రంగు కూడా పోతుందని అర్థం కాదు.

వాసన పరీక్ష

వాసనను కొలిచే పరికరం మన ముక్కే. దానికీ ఒక పద్ధతి ఉంది, నీటి పరీక్షశాలల్లో వాడేదే. వాసన ఉన్న నీళ్లను వాసన లేని నీళ్లతో పలచన చేస్తూ పోయి, ఎంత పలచన చేశాక ముక్కుకు తెలియడం మానేసిందో చూస్తారు. మొత్తం ఎప్పుడూ 200 మిల్లీలీటర్లు ఉంచితే సూత్రం ఇంతే:

```
వాసన సంఖ్య = 200 ÷ వాసన తెలిసిన అతి తక్కువ నమూనా (మి.లీ.)
```

మట్టివాసన నీళ్ల కోసం తోటమట్టి రెండు పిడికిళ్లు రెండు లీటర్ల నీళ్లలో ఒక రోజు నానబెట్టి, తేర్చి, దట్టమైన బట్టలో వడకట్టండి. మట్టిలోని బ్యాక్టీరియా చేసే జియోస్మిన్‌ను మన ముక్కు లీటరుకు కొన్ని నానోగ్రాముల స్థాయిలోనే పసిగట్టగలదు. ఈ నీళ్లను వాసన మాత్రమే చూడాలి, రుచి చూడకూడదు.

ఇక్కడ బొగ్గు ఇంకా తక్కువ వేయాలి. ఒక గ్రాము పొడిని 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, బాగా ఊపి, పొడి కిందికి దిగకముందే 10 మిల్లీలీటర్లు తీయండి. అందులో 0.1 గ్రాము బొగ్గు ఉంటుంది. దాన్ని అర లీటరు మట్టివాసన నీళ్లలో వేసి, సీసాను అంచుదాకా నింపి మూత బిగించి రాత్రంతా ఉంచండి. ఖాళీ వదిలితే వాసన ఆ గాలిలోకి పోతుంది. బొగ్గు వేయని సీసాను కూడా అలాగే, అంతే సేపు ఉంచాలి, ఎందుకంటే వాసన తనంతట తానే కొంత తగ్గుతుంది.

వాసన లేని నీళ్లు కావాలంటే కొన్న కార్బన్‌లోంచి మామూలు నీళ్లను చాలా నెమ్మదిగా వడకట్టండి. మూత ఉన్న వెడల్పు మూతి గాజు పాత్రల్లో తేరిన నమూనా 200, 100, 50, 25, 12, 6, 3 మిల్లీలీటర్లు పోసి, మిగతాది వాసన లేని నీళ్లతో నింపండి. ఉత్త నీళ్లతో రెండు పాత్రలు కూడా మధ్యలో కలపండి, లేకపోతే మనసు ఊహించుకున్న వాసన కూడా లెక్కలోకి వస్తుంది. అన్నింటినీ గోరువెచ్చగా, 40 డిగ్రీల దగ్గర ఉంచితే వాసన బాగా తెలుస్తుంది. ఏ పాత్రలో ఏముందో తెలిసిన మనిషి వాసన చూడకూడదు. చూసేవాళ్లు అన్నిటికంటే పలచటి దానితో మొదలుపెట్టాలి, ముదురు దాంతో మొదలుపెడితే ముక్కు మొద్దుబారుతుంది. ముగ్గురు నలుగురు చూస్తే మంచిది, సెంటు పూసుకున్నవాళ్లనూ జలుబు చేసినవాళ్లనూ మినహాయించండి.

ఉదాహరణకు బొగ్గు వేయని నీళ్లలో 6 మిల్లీలీటర్ల దగ్గరే వాసన తెలిసిందనుకుందాం, వాసన సంఖ్య 33. మామూలు బొగ్గు వేసిన దాంట్లో 12 దగ్గర తెలిస్తే 17. యాక్టివేటెడ్ దాంట్లో 100 దగ్గర తెలిస్తే 2. అంటే మామూలు బొగ్గు వాసనను సగానికి తగ్గించింది, యాక్టివేటెడ్ బొగ్గు దాదాపు 94 శాతం తగ్గించింది.

క్లోరిన్ కోసం 5 శాతం బ్లీచ్ ద్రావణం ఒక చుక్కను లీటరు నీళ్లలో కలిపితే లీటరుకు సుమారు రెండున్నర మిల్లీగ్రాములు అవుతుంది. దీనికి ముక్కు కంటే ఈతకొలనుల వాళ్లు వాడే క్లోరిన్ కిట్ నమ్మదగింది. బ్లీచ్‌ను వెనిగర్ దగ్గరికి రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

రెండింటినీ పక్కపక్కన పెడితే

పై ఉదాహరణల్లో మిథిలీన్ బ్లూ దాదాపు 94 శాతం పోయింది, మట్టివాసన కూడా 94 శాతం పోయింది. రెండూ సమానమని రాసేయాలనిపిస్తుంది. కానీ రంగుకు లీటరుకు 2 గ్రాముల బొగ్గు వేశాం, వాసనకు లీటరుకు 0.2 గ్రాములే. పదో వంతు బొగ్గుతోనే వాసన ఆ మేరకు తగ్గింది. ఒక రకంగా ఇది అన్యాయమైన పోటీ, ఎందుకంటే వాసన కలిగించే పదార్థం నీళ్లలో నానోగ్రాముల్లో ఉంటే రంగు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. కానీ నిత్యం వాడే నీళ్లలో కూడా తరచూ అలాగే ఉంటుంది. కాబట్టి ఫలితం రాసుకునేటప్పుడు శాతం పక్కనే ఎంత బొగ్గు వేశారో కూడా రాయండి, లేకపోతే ఆ శాతానికి అర్థం లేదు.

టీ వరుసలో మాత్రం కొబ్బరి బొగ్గు వెనకబడటం స్పష్టంగా చూస్తారు. మిథిలీన్ బ్లూను బాగా లాగేసిన బొగ్గే టీ దగ్గర సగం గొట్టాన్ని చేరడానికి కూడా కష్టపడవచ్చు, మామూలు బొగ్గు సీసా అసలు రంగులోనే ఉండిపోవచ్చు. కొన్న కొబ్బరి కార్బన్‌లోనూ ఇదే ధోరణి కనిపిస్తే తప్పు మీ యాక్టివేషన్‌ది కాదు, చిప్పలోని సన్న రంధ్రాలది. కొన్న కార్బన్ నీలం, టీ రెండింటిలోనూ మీ బొగ్గు కంటే చాలా ముందుంటే కొలిమి వేడి పెంచుకోవాలి.

ఫిల్టర్ కట్టడం

ఆహారానికి వాడదగిన ప్లాస్టిక్ గొట్టం, 5 సెంటీమీటర్ల లోపలి వ్యాసంతో తీసుకుని, అడుగున సన్నటి స్టీలు జాలీ, దాని మీద రెండు సెంటీమీటర్ల కడిగిన ఇసుక వేయండి. యాక్టివేటెడ్ రేణువుల్ని ముందుగా పావుగంట నీళ్లలో మరిగించండి. పొడిగా పోస్తే లోపలి గాలి బుడగలు బయటికొచ్చి నీళ్లకు అడ్డదారులు చేస్తాయి. గొట్టంలో సగం దాకా నీళ్లు నింపి, రేణువుల్ని ఆ నీళ్లలోకి కొంచెం కొంచెంగా వదులుతూ 25 సెంటీమీటర్ల మందం వచ్చేదాకా పోయండి. పైన మళ్లీ జాలీ పెట్టాలి. బొగ్గు ఎప్పుడూ మునిగి ఉండాలి, అందుకే బయటికొచ్చే గొట్టం చివరను బొగ్గు పైమట్టం కంటే ఎత్తుకు వంచండి.

ఈ బొగ్గు పొర ఘనపరిమాణం దాదాపు 490 మిల్లీలీటర్లు. వాసనల కోసం నీళ్లు బొగ్గు పొరలో పది నిమిషాలు ఉండేలా చూసుకుంటే మంచిది. ఆ లెక్కన నిమిషానికి 49 మిల్లీలీటర్లు, అంటే 100 మిల్లీలీటర్ల గ్లాసు నిండటానికి రెండు నిమిషాలు పట్టాలి. అంతకంటే వేగంగా నిండితే పంపు తిప్పి తగ్గించండి. రంగు తగ్గించాలనుకుంటే వేగాన్ని సగానికి తగ్గించి చూడండి, పెద్ద అణువులు రంధ్రాల్లోకి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. అయినా చోటే లేని చోటికి అవి రావు, కాబట్టి ఎంత నెమ్మదిగా పోసినా కొంత రంగు మిగిలే ఉంటుంది.

మొదటి కొన్ని లీటర్లు బూడిదరంగులో రావచ్చు, పారబోయండి. అసలు నీళ్ల రంగు దేనివల్లనో కూడా ముందే చూసుకోండి. ఒక సీసాలో రాత్రంతా ఉంచితే అడుగున మట్టిగానీ తుప్పురంగు మడ్డిగానీ చేరితే అది బొగ్గు చేసే పని కాదు. ముందు తేర్చాలి, లేకపోతే ఆ మడ్డే బొగ్గు పైపొరను మూసేస్తుంది.

వాడుతూ పోతే గోధుమరంగు ముందు తిరిగొస్తుంది. మట్టివాసన ఆ తర్వాత చాలాకాలానికి వస్తుంది, క్లోరిన్ వాసన ఇంకా ఆలస్యంగా. రంగు తిరిగొచ్చినప్పుడే బొగ్గు మార్చాలని లేదు, మీకు కావాల్సింది వాసన తీయడమే అయితే వారానికోసారి పైన చెప్పిన పలచన పద్ధతిలో వాసన సంఖ్య చూసుకుని, అది పెరగడం మొదలైనప్పుడు మార్చండి. నిండిపోయిన బొగ్గు పట్టుకున్నదాన్ని తిరిగి నీళ్లలోకి వదలగలదు కూడా. ఎండలో ఆరబెడితే కొంత తేమా కొద్దిపాటి వాసనలూ పోతాయి గానీ, రంగుతో నిండిన రంధ్రాలు తెరుచుకోవు. దానికి మళ్లీ కొలిమి వేడే కావాలి.

ఈ ఫిల్టర్ సూక్ష్మజీవుల్ని ఆపదు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు, కాఠిన్యం దీనికి పట్టవు. పైగా క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి బొగ్గులో బ్యాక్టీరియా పెరగడానికి అడ్డు ఉండదు. తాగే నీళ్లైతే ఫిల్టర్ తర్వాత మరిగించాలి, ముందు కాదు. కొన్ని రోజులు వాడకుండా వదిలేసిన ఫిల్టర్‌లోంచి వచ్చే మొదటి నీళ్లకు బూజు వాసన వేస్తే, కడిగి సరిపెట్టుకోకుండా ఆ బొగ్గు పారేసి కొత్తది నింపండి.